మూటాముల్లెతో సైకిలెక్కితే రోజుకి ఎన్ని కిలోమీటర్లు?

సైకిలు మీద ఊళ్లు తిరిగొద్దామని సరదాపడే వాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "రోజుకి ఎంత దూరం ఎల్లగలం?" దానికి తలో జవాబూ వస్తాది. ఒకాయన వంద అంటాడు. ఇంకొకాయన తన తాత కాలం కబుర్లు చెప్తాడు. ఫోన్లో చూస్తే ఒక్క రోజులో రెండొందల కిలోమీటర్లు తొక్కీసినోళ్ల ఫొటోలు కనిపిస్తాయి. ఆ రెండొందలు అబద్ధమేం కాదు. బ్రెవే అని పిలిచే దూరపు సైకిలు పరీక్షలు మన దేశంలోనూ జరుగుతుంటాయి. వాటిలో 200 కిలోమీటర్లకి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. అయితే ఆ తొక్కేవాళ్లు నెలల తరబడి కాళ్లు సాధన చేసినోళ్లు. ఆళ్ల సైకిలు మీద నీళ్ల సీసా, పంచరు సామాను, ఓ చిన్న సంచీ తప్ప ఇంకేటీ ఉండదు. మర్నాడు మళ్లీ తొక్కాల్సిన పని కూడా ఉండదు.

కొత్తగా మొదలెట్టినోడి సంగతి వేరు. బట్టలు, దుప్పటి, పనిముట్లు, నీళ్లు, తినడానికి కాసిన్ని సరుకులు కలిపి వెనక 12 నుంచి 15 కిలోలు ఉంటాయి. తోవలో గుడి కనిపిస్తే ఆగుతాడు, చెరువు కనిపిస్తే ఆగుతాడు, టీ బడ్డీ దగ్గర ఎవరో పలకరిస్తే ఆగుతాడు. అందుకే కదా సైకిలెక్కింది. అలాంటోడికి సరిపడే దూరం ఎదురుగాలి ఉన్న రోజున 35 నుంచి 40 కిలోమీటర్లు. గాలి నిమ్మళంగా ఉన్న రోజున 50. ఈ అంకెలు వినగానే "ఇంతేనా?" అనిపిస్తాది. ఎందుకింతేనో లెక్క కట్టి చూద్దాం.

ముందు గాలి సంగతి

కొత్తవాడు రోజంతా అలుపు లేకుండా పెట్టగలిగే కాలి బలం ఇంచుమించు 75 వాట్లు అనుకోండి. మనింట్లో పాత సీలింగు ఫ్యాను తిరగడానికి పట్టే కరెంటు అంతే. సామానుతో, నిటారుగా కూర్చుని, చదునైన తారురోడ్డు మీద, గాలి ఆడని పొద్దున పూట ఆ బలంతో తొక్కితే గంటకి 17 కిలోమీటర్ల వరకూ వస్తాది. గంటకి 11 కిలోమీటర్ల గాలి ఎదురొచ్చిందనుకోండి. అది పెద్ద గాలేం కాదు. ముఖానికి చల్లగా తగిలి బాగుంది అనిపించే గాలి. అయినా అదే కాలి బలంతో వేగం 12కి పడిపోతాది. గాలి 18కి పెరిగితే 9న్నరకి దిగిపోతాది.

ఇంత తేడా ఎందుకంటే, గాలి అడ్డుకునే బలం వేగంతో సమానంగా పెరగదు. ముఖానికి తగిలే గాలి రెండింతలైతే అడ్డుకునే బలం నాలుగింతలవుతాది. మీరు 12తో తొక్కుతున్నారు, ఎదురుగా 11తో గాలొస్తోందంటే మీ ఒంటికి తగిలేది 23 కిలోమీటర్ల గాలి. రోడ్డు మీద చక్రం కదిలింది మాత్రం 12.

"పోనీలే, వెనక్కొచ్చేటప్పుడు అదే గాలి తోస్తాది కదా" అనుకుంటారు. తోస్తాది. కానీ పోయిన సమయాన్ని మొత్తం తిరిగివ్వదు. విజయనగరం నుంచి రామతీర్థం ఎల్లి రావడం తీసుకోండి. ఒక్కో వైపు ఇంచుమించు పన్నెండున్నర కిలోమీటర్లు అనుకుందాం. గాలి లేని రోజున రెండు వైపులా కలిపి గంటా 28 నిమిషాల తొక్కుడు. 11 కిలోమీటర్ల గాలికి ఎదురెల్లేటప్పుడు గంటకి పైనే పడతాది. తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక ఉంటాది కాబట్టి 34 నిమిషాల్లో వచ్చీస్తారు. రెండూ కలిపితే గంటా 37 నిమిషాలు. కారణం సులువు. ఎదురుగాలిలో నెమ్మదిగా ఎల్తాం కాబట్టి ఆ కష్టంలో ఎక్కువసేపు ఉంటాం. వెనకగాలిలో బేగి ఎల్లిపోతాం కాబట్టి ఆ సుఖం బేగి అయిపోతాది.

మన దగ్గర ఈ లెక్క ఇంకాస్త ముఖ్యం. జాతీయ రహదారి 16 మన రెండు జిల్లాల్లోనూ సముద్రానికి సమాంతరంగా నైరుతి నుంచి ఈశాన్యానికి పోతాది. మన గాలులు కూడా ఇంచుమించు ఆ గీత మీదే వీస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్యం నుంచి, ఎండాకాలం నుంచి వానాకాలం చివరి దాకా నైరుతి, దక్షిణం వైపు నుంచి. కాబట్టి డిసెంబరులో విజయనగరం నుంచి ఇచ్ఛాపురం వైపు తొక్కేవాడికీ, ఏప్రిల్లో ఇచ్ఛాపురం నుంచి విజయనగరం వైపు తొక్కేవాడికీ గాలి నేరుగా ముఖానికే తగలొచ్చు. దీనికి తోడు ఎండెక్కిన కొద్దీ సముద్రం మీద నుంచి గాలి మొదలవుతాది. తెల్లారగట్ట కదలని తాటిమట్ట పదిన్నరకి ఊగడం మొదలెడతాది.

గాలి ఎంత ఉందో తెలుసుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. బడి మీదో పార్టీ ఆఫీసు మీదో ఉన్న జెండా వేలాడకుండా చాపుకొని ఉంటే, చెట్ల ఆకులు ఆగకుండా కదుల్తుంటే గాలి 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉన్నట్టు. రోడ్డు మీద దుమ్ము, కాగితాలు లేస్తుంటే, చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 దాటినట్టు. ఫోన్లో కనిపించే గాలి అంకె నేల నుంచి పది మీటర్ల ఎత్తులో వీచే గాలిది. సైకిలు మీద కూర్చున్నోడి గుండె ఎత్తులో అందులో సగమో, మూడింట రెండు వంతులో తగుల్తాది. అంటే ఫోను 18 చూపిస్తే మీకు 10, 12 తగలొచ్చు. జీడితోటలు, సరుగుడు తోటల మధ్య రోడ్డైతే ఇంకా తక్కువ. కోతలైపోయిన వరి మళ్ల మధ్య, ఎత్తు కట్ట మీద ఏసిన రహదారైతే దాపు ఏటీ ఉండదు. గాలి పూర్తిగా తగుల్తాది.

సామాను చేసే అసలు పని

బరువు వల్లే వేగం పడిపోతాదని అందరూ అనుకుంటారు. చదును రోడ్డు మీద 15 కిలోల సామాను వల్ల తగ్గేది గంటకి అర కిలోమీటరు, మహా అయితే ఒకటి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ప్రతి కిలో తెలుస్తాది. మన రహదారి మీద కొండలు లేవు గానీ, ఊరూరికీ ఓ వంతెన ఎక్కుడు ఉంటాది.

బరువు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది సామాను వెడల్పు. రెండు పక్కలా ఉబ్బిన సంచులు, పైన అడ్డంగా కట్టిన పరుపుచుట్ట ఎదురుగాలికి తెరచాపలాగా నిలబడతాయి. అదే సామాను సన్నగా, కిందకి, మనిషి వెనక దాగేలాగ కడితే గాలికి అంత దొరకదు.

ఇక మూడోది ఎవరూ లెక్కేసుకోనిది. సామాను ఆగడాన్ని పొడిగిస్తాది. ఉత్త సైకిలైతే స్టాండు ఏసి నీళ్లు తాగీసి ఎల్లిపోవచ్చు. బరువున్న సైకిలు మామూలు స్టాండు మీద నిలబడదు. గోడో చెట్టో ఎతుక్కోవాలి. పడిపోకుండా ఆనించాలి. సంచీ తాళ్లు విప్పాలి, మళ్లీ కట్టాలి. అరసవిల్లి గుడికెల్తే సామాను ఎక్కడ ఒగ్గాలి? చెప్పులైతే బయట ఒగ్గుతాం. దుప్పటి, పనిముట్లు, ఛార్జరు ఉన్న సంచులు ఎవరికి అప్పచెప్పాలి? పక్క కొట్టాయన్ని "బాబూ, కాస్త చూస్తుంటారా" అని బతిమాలాలి. ఆయన "ఏ ఊరు బావూ మీది, ఎక్కడికెల్తన్నారు, సైకిలెంతకి కొన్నారు" అని అడుగుతాడు. జవాబు చెప్పకుండా లేవడం మర్యాద కాదు. ఐదు నిమిషాలనుకున్న ఆగుడు పన్నెండు, పదిహేను నిమిషాలవుతాది.

అందుకే తొక్కే వేగం ఒకటి, రోజు వేగం ఇంకొకటి. తొక్కే వేగమంటే చక్రం తిరుగుతున్నప్పటిది. రోజు వేగమంటే ఇంటి గుమ్మం నుంచి దిగబోయే గుమ్మం దాకా పట్టిన మొత్తం సమయానికి లెక్క. కొత్తవాళ్లు మొదటి వేగంతో పథకం ఏసుకుంటారు. రోజు గడిచేది మాత్రం రెండోదానితో.

ఒక రోజు లెక్క: విజయనగరం నుంచి శ్రీకాకుళం

ఒక కుర్రోడు డిసెంబరు మధ్యలో విజయనగరంలో బయలుదేరి శ్రీకాకుళం చేరాలనుకున్నాడు అనుకుందాం. నాతవలస దగ్గర రహదారి ఎక్కి, పూసపాటిరేగ, రణస్థలం, చిలకపాలెం, ఎచ్చెర్ల మీదుగా పోయే తోవ. దూరం 68 కిలోమీటర్లు అనుకుందాం. ఇంటి దగ్గర ఉత్త సైకిలు మీద 17 తొక్కుతాడు కాబట్టి నాలుగు గంటల పని అనుకున్నాడు. ఆరింటికి బయలుదేరితే పదింటికి శ్రీకాకుళం, మధ్యాన్నం అరసవిల్లి దర్శనం, సాయంత్రం శ్రీకూర్మం. కాగితం మీద బాగుంది.

సామాను కట్టి, అమ్మ ఇచ్చిన డబ్బా సంచీలో పట్టక మళ్లీ సర్ది, రోడ్డెక్కేసరికి ఏడయింది. నాతవలస దాకా ఇంచుమించు 20 కిలోమీటర్లు. ఇంకా గాలి లేవలేదు, వచ్చినా పక్క నుంచే. వేగం 15. తొక్కుడు గంటా 20 నిమిషాలు. ఊరు దాటగానే ఒక సంచీ జారి చక్రానికి తగిలింది, అది బిగించడానికి పది నిమిషాలు. పొగమంచులో చెరువు బాగుందని ఒకసారి, స్వెట్టరు విప్పడానికి ఒకసారి, మొత్తం అరగంట ఆగుళ్లు. నాతవలసకి 8:50. టిఫిను, నీళ్లు, చేతులు కడుక్కోవడం అన్నీ కలిపి 40 నిమిషాలు. 9:30కి లేచాడు.

ఇక్కడి నుంచి తోవ ఈశాన్యానికి తిరిగింది. గాలి కూడా అప్పుడే లేచింది. వేగం 12. రణస్థలం దాకా ఇంచుమించు 15 కిలోమీటర్లకి గంటా పావు తొక్కుడు, ఒక టీ, రెండు నీళ్ల ఆగుళ్లు 25 నిమిషాలు. రణస్థలంలో టైము చూస్తే 11:10. దూరం 35 కిలోమీటర్లు. అంటే సగం తోవకి నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది.

భోజనం, కాస్త నడుము వాల్చడం కలిపి గంటా 20 నిమిషాలు. 12:30కి మళ్లీ ఎక్కాడు. గాలి ఇంకొంచెం పెరిగింది, కాళ్లు బిగుసుకున్నాయి. వేగం తొమ్మిదిన్నర దాటడం లేదు. మిగిలిన 33 కిలోమీటర్లకి తొక్కుడే మూడున్నర గంటలు. అలుపొచ్చినోడు ఎక్కువసార్లు ఆగుతాడు, ఆ ఆగుళ్లు 55 నిమిషాలు. మధ్యలో ఒక పంచరు. వెనక చక్రం ఊడదీయాలంటే ముందు సామానంతా దింపాలి. 40 నిమిషాలు. శ్రీకాకుళం చేరేసరికి 5:35.

డిసెంబరు మధ్యలో మన దగ్గర సూర్యుడు ఐదున్నర లోపే దిగిపోతాడు. అంటే ఆడు ఎచ్చెర్ల దాటిన దగ్గర్నుంచి చివరి కిలోమీటర్లు, కళ్లు మసకబారిన వేళ, లారీల మధ్య తొక్కాడు. అలిసిన మనిషి సైకిలు తిన్నగా పోదు, అటూ ఇటూ ఊగుతాది. వెనక నుంచొచ్చే డ్రైవరుకి ఎదురు వెలుగుల్లో ఆడు ఆఖరు నిమిషంలో కనిపిస్తాడు. ఎక్కువ దూరం పెట్టుకోవడంలో ఉన్న అసలు ముప్పు ఇదే. కాళ్ల నొప్పులు నాలుగు రోజుల్లో తగ్గుతాయి, ఈ చీకటి తొక్కుడికి మాత్రం రెండో అవకాశం ఉండకపోవచ్చు.

ఇప్పుడు లెక్క తిరగేద్దాం. బయట గడిపింది 10 గంటల 35 నిమిషాలు. చక్రం తిరిగింది 6 గంటలు చిల్లర. ఆగింది నాలుగున్నర గంటలు. తొక్కే వేగం సగటున 11. రోజు వేగం ఆరున్నర కూడా లేదు. బేగి నడిచే మనిషికి ఇంకొంచెం పైన. ఆ ఆగుళ్లలో వృథా అని తీసెయ్యదగ్గది ఏటీ లేదు చూడండి. తినాలి, తాగాలి, విప్పాలి, కట్టాలి, పంచరు ఏసుకోవాలి. ఇది బాగా జరగని రోజు కూడా కాదు, మామూలు రోజే.

గంటలతో లెక్కేసుకోవడం

కాబట్టి కిలోమీటర్లతో మొదలెట్టకుండా గంటలతో మొదలెట్టాలి. కొత్తవాడి ఒళ్లు వరసగా రోజుల తరబడి ఓర్చుకోగలిగేది రోజుకి నాలుగు గంటల తొక్కుడు. మొదటి రోజు మూడైతే ఇంకా మంచిది. ఒక్కో తొక్కుడు గంటకి అరగంట ఆగుడు కలపండి. నాలుగు గంటల తొక్కుడుకి రెండు గంటల ఆగుళ్లు, మొత్తం ఆరు గంటలు. భోజనం, పంచరు లాంటివాటికి ఇంకో గంట విడిగా ఉంచుకోండి. పొద్దున్న ఆరున్నరకి బయలుదేరితే ఒంటిగంటన్నర లోపు పని అయిపోతాది.

ఇప్పుడు ఆ నాలుగు గంటల్ని ఆ రోజు వేగంతో గుణించండి. గాలి లేకపోతే, మధ్యలో వంతెనలు, ఊళ్ల రద్దీ కలుపుకొని సగటు 13 వస్తాది, అంటే 50 కిలోమీటర్లు చిల్లర. ఎదురుగాలి మామూలుగా ఉంటే పది, పదకొండు, అంటే 40, 44. గట్టిగా ఉంటే తొమ్మిది, అంటే 36. పైన చెప్పిన 35, 40, 50 అంకెలు ఇలాగే వచ్చాయి. గేర్లు లేని పాత సైకిలైతే ఎదురుగాలిలో ఇంకో ఐదు కిలోమీటర్లు తగ్గించుకోండి. ఎందుకంటే గాలి పెరిగినప్పుడు తేలిక గేరుకి మారే వీలు అందులో ఉండదు. ప్రతి తొక్కునీ మోకాలే మోయాలి.

మీ సొంత అంకె తెలియాలంటే ప్రయాణానికి వారం ముందు ఒక పరీక్ష చేసుకోండి. తీసుకెళ్లబోయే సామాను అంతా నిజంగా కట్టి, విజయనగరం వాళ్లు రామతీర్థం, శ్రీకాకుళం వాళ్లు శ్రీకూర్మం ఎల్లి రండి. గుమ్మం దాటిన టైము, తిరిగి గుమ్మం ఎక్కిన టైము రాసుకోండి. దర్శనం, టీ అన్నీ మామూలుగానే చెయ్యండి, పరుగు పెట్టొద్దు. దూరాన్ని మొత్తం గంటలతో భాగిస్తే వచ్చేదే మీ రోజు వేగం. ఆరొచ్చినా ఏడొచ్చినా సిగ్గుపడక్కర్లేదు. ఆ అంకెని ఏడు గంటలతో గుణిస్తే మీ రోజు దూరం. మర్నాడు పొద్దున్న మెట్లు దిగేటప్పుడు మోకాలి ముందు భాగం నొప్పెడుతుంటే గేరు బరువుగా తొక్కినట్టో, సీటు కిందకి ఉన్నట్టో గుర్తు. అది సరిచేసుకున్నాకే దూరం పెంచండి.

తోవలో తెలుసుకోవడం ఎలాగ

ఎదురుగాలిలో కొత్తవాళ్ల ఒళ్లు హూనమైపోయే పని ఒకటుంది. పొద్దున్న 15తో వచ్చాం కాబట్టి ఇప్పుడూ 15 ఉండాలని తొక్కుతారు. 11 కిలోమీటర్ల గాలిలో 15 నిలబెట్టాలంటే కాళ్లు ఇంచుమించు 110 వాట్లు పెట్టాలి. అంటే ముందు పెట్టినదానికి సగం మళ్లీ ఎక్కువ. అలాగ ఓ గంట తొక్కొచ్చు. ఆ తరవాత రెండు గంటలు దానికి వడ్డీ కట్టాలి. గాలొచ్చినప్పుడు నిలబెట్టాల్సింది వేగాన్ని కాదు, ఆయాసాన్ని. పక్కన ఎవరైనా ఉంటే ఆగకుండా పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా చూసుకోండి. మాట మధ్యలో ఊపిరి తెగుతుంటే గేరు తగ్గించండి, వేగం ఎంతకి పడితే అంతకి పడనివ్వండి. ఫోన్లో వేగం చూడడం మానీసి గడియారం చూడడం అలవాటు చేసుకోండి.

రెండోది, మధ్యలో దిగిపోయే చోటు. పైన చెప్పిన కుర్రోడికి రణస్థలంలో 11:10కే జవాబు తెలిసిపోయింది. 35 కిలోమీటర్లకి నాలుగు గంటల పది నిమిషాలంటే రోజు వేగం ఎనిమిదిన్నర లోపే. అదే వేగం నిలిచినా మిగిలిన 33కి నాలుగు గంటలు. భోజనం కలిపితే సాయంత్రం నాలుగున్నర. మధ్యాన్నం గాలి, అలుపు, పంచరు ఏవీ కలపకుండానే అంత. సూర్యుడు దిగే ఐదున్నరకీ దీనికీ మధ్య ఉన్నది గంటే. ఇలాంటప్పుడు అక్కడే ఆగిపోవడం తెలివి. అందుకే బయలుదేరే ముందే 15, 20 కిలోమీటర్లకొక ఆగే ఊరు రాసుకొని, అక్కడ బస దొరుకుతాదో లేదో ఫోన్లో కనుక్కొని ఉంచుకోవాలి. పదకొండింటికి ఒకసారి నిలబడి ఈ లెక్క కట్టాలి. చేరే సమయానికీ సూర్యుడు దిగే సమయానికీ మధ్య కనీసం రెండు గంటలు లేకపోతే దగ్గర ఊళ్లో దిగిపోవాలి. అదీ కుదరకపోతే ట్రాలీ ఆటో మాట్లాడుకొని సైకిలు అందులో ఎక్కించీయడంలో తప్పేం లేదు.

ఈ లెక్కతో అదే ప్రయాణాన్ని మళ్లీ ఏస్తే ఇలాగ ఉంటాది. మొదటి రోజు విజయనగరం నుంచి రణస్థలం, 35. రెండో రోజు రణస్థలం నుంచి శ్రీకాకుళం, 33. మధ్యాన్నానికే చేరతారు కాబట్టి సామాను గదిలో పడీసి ఉత్త సైకిలు మీద అరసవిల్లి ఎల్లి రావచ్చు. మూడో రోజు శ్రీకాకుళంలో సామాను ఒగ్గీసి శ్రీకూర్మం, లేదా వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు. సామాను లేని రోజు కాళ్లకి సెలవు లాంటిదే. నాలుగో రోజు నరసన్నపేట, కోటబొమ్మాళి మీదుగా టెక్కలి, ఇంచుమించు 50. ఎదురుగాలి గట్టిగా ఉంటే కోటబొమ్మాళి దగ్గరే ఆపీయండి. అక్కడి నుంచి పలాస ఒక రోజు, ఇచ్ఛాపురం ఇంకో రోజు.

ఇదే పథకాన్ని డిసెంబరులో ఇంకా సులువు చేసుకోవచ్చు, తిరగేసి. హౌరా–చెన్నై రైలు మార్గం రహదారి పక్కనే పోతాది. సైకిలుని లగేజీగా బుక్ చేసి ముందు ఇచ్ఛాపురం వైపు రైల్లో ఎల్లిపోయి, అక్కడి నుంచి ఇంటివైపు తొక్కుకొస్తే ఈశాన్య గాలి వీపుని తోస్తాది. ఏ స్టేషన్లో లగేజీ తీసుకుంటారో, ఏ బండికి ఎక్కిస్తారో ముందురోజే ఎల్లి అడగాలి, చిన్న స్టేషన్లలో బండి ఆగేది రెండు నిమిషాలే. ఎండాకాలంలో తొక్కేవాళ్లు దీనికి ఉల్టా చెయ్యాలి. తొక్కుతూ ఉత్తరానికి ఎల్లి, రైల్లో తిరిగి రావాలి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందన్న వార్త వింటే మాత్రం ఏ దిక్కుకీ బయలుదేరొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరిచెట్లని ఏం చేసిందో మనం చూశాం.

రోజుకి 40 కిలోమీటర్లు కొన్నాళ్లు నొప్పి లేకుండా సాగితే వారం రోజుల తరవాత దూరం దానంతటదే పెరుగుతాది. కాళ్లు గట్టిపడడం ఒక్కటే కారణం కాదు. సామాను కట్టడం పదిహేను నిమిషాల నుంచి ఐదుకి తగ్గుతాది. ఏ సంచీలో ఏటుందో చెయ్యికి తెలిసిపోతాది. వద్దనుకున్న రెండు కిలోలు ఏదో ఊళ్లో పార్సిలైపోతాయి. అప్పుడు యాభై, అరవై పెట్టుకోండి. అప్పటిదాకా ఎవరైనా "రోజుకి ఎంత తొక్కుతున్నావు బావూ" అని అడిగితే "నాలుగు గంటలు" అని చెప్పండి. కిలోమీటర్లు ఎన్నో ఆ రోజు గాలి చెప్తాది.